'మళ్లీ పంపండి' అంటే చాలదు



మా బోరబండలో మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి నగరంలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నది. మొన్న డ్యూటీ ముగించుకొని వస్తూ మా ఇంటి ముందు ఆగి, తన ఫోనులో ఒక ఫోటో చూపించింది. అది వారి వార్డు గోడ మీద అతికించిన నోటీసు. "నమూనాలు సక్రమముగా పంపనిచో తిరస్కరించబడును. అందుకు వార్డు సిబ్బందియే బాధ్యులు" అని ఉన్నది. "తాతగారూ, ఏది సక్రమమో ఇందులో ఎక్కడా రాయలేదు కదండీ! ఒకే రోజు రెండుసార్లు నా శాంపిల్ వెనక్కి వచ్చింది. ఆ పెద్దాయనను మూడోసారి గుచ్చాల్సి వచ్చింది" అని బాధపడింది.

ప్రభుత్వ ఆసుపత్రులలో అనేక సంవత్సరాలు పనిచేసిన వాడిని కనుక అటువంటి నోటీసులు నేనూ చూశాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒకటి రెండింటి మీద సంతకం కూడా చేశాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: ల్యాబు చెడిపోయిన నమూనాను తిరస్కరించడం నూటికి నూరుపాళ్లు సరైన పని. కాని కారణం చెప్పని తిరస్కారం, పద్ధతి చెప్పని నోటీసు అదే తప్పును మళ్లీ చేయిస్తాయి. ఒక్కోసారి ఆ తప్పును దాచిపెట్టిస్తాయి కూడా. ఈ రెండవది ఎంత ప్రమాదమో చెప్పడానికి నా అనుభవంలోని ఒక సంఘటనను మీ ముందుంచుతాను.

చాలా ఏళ్ల క్రితం, ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. రక్తపోటుకు మందులు వాడుతున్న, అరవై దాటిన ఒక తల్లి నీరసంతో చేరింది. అర్ధరాత్రి దాటాక ఆమె రక్తపరీక్ష ఫలితం వచ్చింది. పొటాషియం 7.1. ఇది మామూలుగా 3.5 నుంచి 5 వరకు ఉండాలి. ఏడు దాటితే గుండె ఏ క్షణంలోనైనా లయ తప్పవచ్చు. నేను వెంటనే గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఎక్కించమని కేస్ షీటులో రాశాను. పొటాషియాన్ని రక్తంలోనుంచి కణాలలోకి తోయడానికి అది సరైన చికిత్సే.

సిస్టరు ఇన్సులిన్ తీస్తుండగా ఈసీజీ వచ్చింది. అందులో పొటాషియం పెరిగిన ఆనవాలు ఒక్కటీ లేదు. ఈసీజీ బాగున్నంత మాత్రాన పొటాషియం పెరగలేదని అనడానికి వీలులేదు. అయినా మనసులో అనుమానం మొలిచి, రిపోర్టును మళ్లీ పూర్తిగా చదివాను. కాల్షియం 4.6 అని ఉన్నది. అది 8.5కు తగ్గకూడదు. నిజంగా 4.6 ఉంటే రోగికి చేతులు కొంకర్లు పోవాలి, మూర్ఛ వచ్చినా రావచ్చు. ఈవిడేమో మంచం మీద కూర్చొని నాతో మాట్లాడుతున్నది. పొటాషియం అంత ఎక్కువ, కాల్షియం అంత తక్కువ, మనిషి మాత్రం నిలకడగా ఉన్నది. ఈ మూడూ కలిస్తే తప్పు రోగిలో కాదు, ట్యూబులో ఉన్నదని అర్థం.

ఆ రక్తం తీసిన సిస్టరును మందలించకుండా అడిగాను. కాసేపు తటపటాయించి చెప్పింది: "రక్తం సరిగా రాలేదండీ. ఎర్రమూత ట్యూబులో తక్కువ పడింది. తక్కువైతే ల్యాబువాళ్లు వెనక్కి పంపుతారని ఊదామూత ట్యూబులోనుంచి కొంచెం అందులో పోశాను."

రహస్యమంతా అక్కడే ఉన్నది. ఊదారంగు మూత ఉన్న ట్యూబు రక్తకణాలను లెక్కించడానికి. అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పదార్థాన్ని వేస్తారు. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టి బంధిస్తుంది; గడ్డకట్టడానికి కాల్షియం అవసరం కనుక రక్తం ద్రవంగానే ఉంటుంది. అయితే ఆ ఈడీటీఏ ఉండేది పొటాషియం లవణం రూపంలో. ఆ రక్తం కొద్దిగా ఎర్రమూత ట్యూబులో కలిస్తే చాలు, పొటాషియం ఆకాశానికి అంటుతుంది, కాల్షియం అడుగంటుతుంది. చూడడానికి ఆ నమూనా శుభ్రంగానే ఉంటుంది కనుక ల్యాబు కంటికి దొరకదు. కొత్త సూదితో, రెండవ చేతినుంచి, సరైన పద్ధతిలో మళ్లీ రక్తం తీయించాము. పొటాషియం 4.2. ఇన్సులిన్ ఆపివేశాము. మామూలుగా ఉన్న పొటాషియాన్ని ఇన్సులిన్‌తో పడగొట్టి ఉంటే ఆ రాత్రి ఏమి జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సిస్టరు చెడ్డ మనిషి కాదు, అశ్రద్ధ చేసే మనిషీ కాదు. తిరస్కరిస్తారన్న భయం ఆమెకు ఉన్నది; ఎందుకు తిరస్కరిస్తారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అంతే తేడా.

ఇక, తిరస్కారానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణాన్ని చెబుతాను. దానిని హీమోలైసిస్ అంటారు, అంటే ఎర్ర రక్తకణాలు చిట్లిపోవడం. రక్తాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పితే కణాలు అడుగున చేరి, పైన లేత గడ్డిరంగు ద్రవం తేలాలి. కణాలు చిట్లితే ఆ ద్రవం గులాబీ రంగులోనో, ఎర్రగానో ఉంటుంది. ఎర్ర రక్తకణం లోపల పొటాషియం బయటికంటే ఇరవై రెట్లకు పైగా ఉంటుంది. కొద్ది కణాలు చిట్లినా లెక్క తప్పుతుంది. కొన్ని సందర్భాలలో కణాలు శరీరంలోనే చిట్లుతాయి, అది వేరే జబ్బు. కాని వార్డులో అత్యధికం రక్తం తీసే తీరు వలన కలిగేవే. సన్నని సూదితో బలంగా లాగడం, స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, సెలైన్ ఎక్కించే కాన్యులా నుంచి లాగడం, సూది ఉంచే బొటనవేలితో సిరంజిని ట్యూబులోకి గట్టిగా నొక్కడం, మందుసీసాను ఊపినట్లు ట్యూబును ఊపడం, ఇవీ కారణాలు.

ఇక్కడ వార్డు వైద్యులకు ఒక మనవి. హీమోలైసిస్ అని తిరస్కరించిన నమూనా వెనుక నిజంగా పొటాషియం పెరిగిన రోగి ఉండవచ్చు. "చిట్లిన రక్తమట, ఏమీ కాదు" అని ఉదయం వరకు ఊరుకోవడం మొదటి తప్పుకంటే పెద్ద తప్పు. తిరస్కారం అంటే ఫలితం బాగున్నదని కాదు, ఫలితం లేదని. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో వెంటనే మళ్లీ తీయాలి. ఈలోగా ఈసీజీ చూడాలి.

ఆ అమ్మాయి అడగగా, గోడ మీద అతికించడానికి నేను రాసి ఇచ్చిన నోటీసు ఇది. తిరస్కరణ చీటీ మీద కారణం తప్పనిసరిగా రాయాలని ల్యాబువారికి కూడా చెప్పుకొమ్మన్నాను.

"వార్డు సిబ్బందికి విజ్ఞప్తి. నమూనా వెనక్కి వస్తే ముందుగా కారణం చదవండి. పాత ట్యూబును సరిదిద్ది మళ్లీ పంపవద్దు, కొత్తగా తీయండి. మళ్లీ గుచ్చవలసి వచ్చినందుకు రోగికి కారణం చెప్పండి.

రోగిని 'మీ పేరేమిటి?' అని అడిగి ఆయన నోటితోనే చెప్పించుకోండి. ఐపీ నంబరుతో సరిచూడండి. సెలైన్ ఎక్కని చేతిని ఎంచుకోండి. స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వండి. కట్టిన పట్టీని నిమిషానికి మించి ఉంచవద్దు. పిడికిలి పదే పదే బిగించి విప్పమనవద్దు, దానివలన కూడా పొటాషియం పెరుగుతుంది.

సిరంజిని మెల్లగా లాగండి. సూదిని తీసివేసి, ట్యూబు మూత తెరిచి, రక్తాన్ని గోడ వెంబడి నెమ్మదిగా జారనివ్వండి. మొదట నీలిమూత, తరువాత ఎర్ర లేక పసుపుమూత, ఆ తరువాత ఊదామూత, చివర బూడిదరంగు మూత. నీలిమూత ట్యూబును గీత వరకు నింపండి. తక్కువైతే రక్తం గడ్డకట్టే సమయం లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. ఊదామూత ట్యూబును ఎనిమిది నుంచి పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. లేకుంటే గడ్డకట్టి ప్లేట్‌లెట్లు తక్కువగా కనిపిస్తాయి. ఒక ట్యూబులోని రక్తం మరొక ట్యూబులోకి ఎన్నడూ పోయవద్దు. రక్తం చాలకపోతే ఆ మాట ల్యాబుకు ఫోను చేసి చెప్పండి, ఏ పరీక్ష ముందు కావాలో అడుగుతారు.

పేరు, నంబరు, సమయం ఉన్న లేబులును రోగి మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే అతికించండి. పేరు మారిన ట్యూబుకు లేబులు మార్చవద్దు, రక్తమే మళ్లీ తీయండి. నమూనాను ఆలస్యం లేకుండా పంపండి. పొటాషియం పరీక్షకు తీసిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టవద్దు."

చివరి వాక్యం చాలామందికి వింతగా తోస్తుంది. చల్లగా ఉంచితే చెడిపోదని మన నమ్మకం. కాని పొటాషియాన్ని కణంలోపల పట్టి ఉంచే యంత్రాంగం చలికి మందగిస్తుంది. కణాలు చిట్లకపోయినా, ద్రవం ఎర్రబడకపోయినా పొటాషియం మెల్లగా బయటికి కారుతుంది. నమూనా దూరం వెళ్లవలసిన చోట ఇది మరింత ముఖ్యం. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకంలో హైదరాబాదులోని బస్తీ ఆరోగ్య కేంద్రాలలో తీసిన రక్తం నారాయణగూడలోని ఐపీఎం ప్రాంగణానికి చేరుతుంది. ఉచితంగా పరీక్షలు అందే మంచి ఏర్పాటు అది. అయితే ఇటువంటి ప్రయాణం ఉన్న ఏ ఏర్పాటులోనైనా, రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజులో తిప్పి, ద్రవాన్ని కణాలనుంచి వేరుచేసి పంపడమే మేలు. వాహనం ట్రాఫిక్‌లో నిలిచిపోయినా అప్పుడు ఫలితం చెడదు.

కొందరు తోటి వైద్యులు, "ఒక్కొక్క సిస్టరు నలభై మందిని చూసే వార్డులో స్పిరిట్ ఆరేదాకా ఆగమంటారా?" అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. స్పిరిట్ ఆరడానికి అర నిమిషం చాలు. అదే నమూనా తిరిగివస్తే మళ్లీ సామగ్రి, మళ్లీ గుచ్చడం, మళ్లీ నిరీక్షణ. తీరిక లేని వార్డే ఆ అర నిమిషాన్ని దాచుకోవాలి. సిబ్బందిని పెంచవలసిన బాధ్యత మాత్రం యాజమాన్యానిదే. దానిని నోటీసు మీదికి నెట్టకూడదు.

పాఠకులారా, మీ ఇంటివారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు "మళ్లీ రక్తం తీయాలి" అంటే కోపగించుకోకండి; కారణం అడగండి. సెలైన్ ఎక్కే చేతినుంచి తీయబోతుంటే గుర్తుచేయండి. లేబులు మీద పేరు మీ కళ్లతో చదవండి. ఉన్నట్టుండి భయపెట్టే అంకె ఒకటి వస్తే, "నమూనా సరిగా ఉన్నదా, అండీ?" అని మర్యాదగా వైద్యుణ్ణి అడగండి. ఆనాటి రాత్రి ఆ తల్లి పక్కన ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే, ఇన్సులిన్ రాయకముందే నేను ఆగి ఉండేవాడిని.