డయాలిసిస్ క్లెయిము: ప్రతి విడతకూ ఒక గడువు

డయాలిసిస్‌కు ఆసుపత్రిలో గడిపేది సుమారు నాలుగు గంటలే. అయినా 24 గంటల చేరిక నిబంధన దీనికి అడ్డు రాదు. పాలసీలు దీనిని డే కేర్ చికిత్సగా పరిగణిస్తాయి. చిక్కు లెక్కలో ఉంది.

ఉదాహరణకు తండ్రి పేర మూడు లక్షల పాలసీ ఉన్నదనుకుందాం. వారానికి మూడు విడతలు, విడతకు 2,000 రూపాయలు. చేతికి ఫిస్టులా శస్త్రచికిత్సకే 40,000 వెచ్చమైంది. మిగిలిన 2,60,000 రూపాయలు 130 విడతలకు, అంటే పది నెలలకు సరిపోతాయి. తక్కిన రెండు నెలలూ అప్పే. బీమా మొత్తం మళ్లీ నిండుతుందని ఏజెంటు చెప్పి ఉండవచ్చు. అనేక పాలసీలలో ఆ సదుపాయం అదే జబ్బుకు వర్తించదు.

ఇక రీయింబర్స్‌మెంట్. కుటుంబం నెల బిల్లులన్నీ పోగుచేసి ఒకేసారి పంపుతుంది. కంపెనీ మాత్రం ప్రతి విడతనూ వేరే చేరికగా లెక్కించవచ్చు. గడువు 15 రోజులైతే, ఒకటవ తేదీ విడతకు అది 16వ తేదీతో తీరిపోతుంది. సగం నెల బిల్లులు తిరిగి వస్తాయి. తప్పనిసరి కారణాలతో ఆలస్యమైన క్లెయిమును కేవలం జాప్యం పేరుతో తిరస్కరించరాదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే ఆదేశించింది. అప్పీలులో ఆ సంగతి రాయాలి. అయితే అంతవరకు రానీయక, పది రోజులకొకసారి విడతవారీ బిల్లు, డయాలిసిస్ చార్టు, వారానికెన్నిసార్లో తెలిపే మూత్రపిండ వైద్యుని పత్రం పంపడమే మేలు. విడతలు పెరిగితే కొత్త పత్రం కావాలి.

వదలని జబ్బును రోజు విడిచి రోజు రుజువు చేయమనడం అన్యాయం. ఏడాదికొక అనుమతి, నెలకొక బిల్లు అన్న పద్ధతిని నియంత్రణ సంస్థ తప్పనిసరి చేయాలి.