షార్ట్స్ వ్యూస్ చూసి ఫోన్ ఈఎంఐ పెట్టకండి

యూట్యూబ్ షార్ట్స్‌లో క్రియేటర్‌కి 45 శాతం, పెద్ద వీడియోల్లో 55 శాతం. ఈ రెండు అంకెలు చూసి చాలామంది "పది శాతమే కదా తేడా" అనుకుంటారు. నన్నడిగితే అసలు తేడా ఆ పది శాతంలో లేదు. ఆ వాటా దేంట్లోంచి కోసి ఇస్తున్నారన్న దాంట్లో ఉంది. అది తెలియకుండా లెక్కలేసుకుంటే ముందుగా పోయేది ఫోన్ డౌన్ పేమెంటే.

ఇది రాయడానికి కారణం మా పలాస వైపు కుర్రాడొకడు. కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో వీడియోలు తీస్తుంటాడు. జీడి పిక్కలు ఉడకబెట్టడం, పెంకు కొట్టడం, ఆడవాళ్లు కూర్చుని పొట్టు తీసి పప్పుని సైజుల వారీగా వేరు చేయడం, అన్నీ. 50 సెకన్ల షార్ట్ ఒకటి 10 లక్షల వ్యూస్ దాటేసరికి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, పది లక్షలంటే ఎంతొస్తాది? కొత్త ఫోను ఈఎంఐలో తీసేసుకోనా?" అని.

వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. పెద్ద వీడియోలో లెక్క సింపుల్. మీ వీడియో ముందో, మధ్యలోనో ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన డబ్బు మీ వీడియో పేరు మీదే పడుతుంది. అందులో 55 శాతం మీది. పక్క ఛానల్ వాళ్లు ఆ నెల ఎన్ని వీడియోలు పెట్టినా ఈ వాటా మారదు.

షార్ట్స్‌లో అలా కాదు. అక్కడ ప్రకటన ఒక వీడియోకీ ఇంకో వీడియోకీ మధ్యలో వస్తుంది కాబట్టి అది ఎవరిదని చెప్పలేం. అందుకే 2023 ఫిబ్రవరి 1 నుంచి యూట్యూబ్ ఒక పద్ధతి పెట్టింది. నెలంతా షార్ట్స్ ఫీడ్‌లో వచ్చిన ప్రకటనల డబ్బు ఒకచోట కలుపుతారు. అందులోంచి పాటల హక్కుల ఖర్చు తీసి, మిగతాది క్రియేటర్ల ఉమ్మడి మూటగా పెడతారు. ఆ మూటని వ్యూస్ దామాషాలో, ఒక్కో దేశానికీ విడివిడిగా పంచుతారు. మీకు వచ్చిన భాగంలో 45 శాతం మీ చేతికొస్తుంది. మన ఉద్దానం వాళ్లు గల్ఫ్‌లో కూర్చుని చూస్తే ఆ వ్యూస్ ఇండియా మూటలో లెక్కకి రావు, ఆ దేశం మూటలోకి పోతాయి.

ఓ లెక్క వేద్దాం. అర్థం కావడానికి అనుకున్న అంకెలు మాత్రమే, అసలు రేట్లు కావు. ఒక నెలలో డబ్బు వచ్చే ఛానళ్ల షార్ట్స్‌కి మొత్తం 10 కోట్ల వ్యూస్, వాటి మీద 5 లక్షల రూపాయల ప్రకటనలు. ఆ వ్యూస్‌లో 20 శాతం ఒక పాట వాడిన వీడియోలవి. ఒక పాట వాడితే ఆ వ్యూస్‌కి చెందిన డబ్బులో సగం పాటల వైపు పోతుంది, అంటే లక్షలో 50 వేలు. మూటలో మిగిలింది 4,50,000. మనవాడివి 10 లక్షల వ్యూస్, అంటే మొత్తంలో ఒక శాతం. వాడి భాగం 4,500. అందులో 45 శాతం 2,025 రూపాయలు.

"పాట తీసేస్తే డబ్బులు రెట్టింపవుతాయంట కదా" అన్నాడు వాడు. ఈ మాట చాలా చోట్ల విన్నాను. తప్పు. పాట కోత పడేది ఉమ్మడి మూట మీద, మీ వీడియో మీద కాదు. పాట వాడినా వాడకపోయినా మీ భాగంలో మీకు 45 శాతమే. పై లెక్కలో వాడొక్కడే పాట తీసేస్తే మూట 4,52,500 అవుతుంది, వాడికి 2,036 వస్తాయి. పదకొండు రూపాయలు ఎక్కువ. నిజమైన మూట దేశమంత పెద్దది కాబట్టి అందులో ఆ పదకొండు కూడా కనిపించవు.

ఇంకో మెలిక ఉంది. వచ్చే నెల వాడి వ్యూస్ అలాగే 10 లక్షలు, ప్రకటనల డబ్బూ అంతే, కానీ అందరూ కలిసి 20 కోట్ల వ్యూస్ తెచ్చారనుకోండి. వాడి వాటా అర శాతానికి పడిపోతుంది, ఆదాయం సగమవుతుంది. వాడు తప్పేం చేయలేదు, పని కూడా తగ్గలేదు. అలాంటి సంఖ్య మీద పన్నెండు నెలల ఈఎంఐ ఎలా పెడతాం?

పైగా వ్యూస్ అంకె కూడా అసలు అంకె కాదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు, బయట వ్యూగా లెక్కపడుతోంది. డబ్బులు మాత్రం ఆగి చూసిన వాటికే. స్టూడియోలో Engaged views అని ఉంటుంది, చూడాల్సింది అది. ఇక మానిటైజేషన్ రాకముందు పేలిన షార్ట్‌కి వెనక్కి లెక్కగట్టి ఇవ్వరు. షార్ట్స్ షరతులు ఒప్పుకున్న తేదీ నుంచే లెక్క మొదలు. సినిమా ముక్కలు కోసి యథాతథంగా పెట్టేవాళ్ల వ్యూస్ అసలు లెక్కలోకే రావు.

అలాగని షార్ట్స్ మానేయమని నేననడం లేదు. కొత్తవాళ్లు మిమ్మల్ని చూసేది అక్కడే. నా ప్లాన్ వేరు: ఖర్చులూ కిస్తులూ పెద్ద వీడియోల ఆదాయం మీద కట్టాలి, షార్ట్స్ డబ్బు వస్తే బోనస్ అనుకోవాలి. అదే జీడి ఫ్యాక్టరీలో అదే రోజు వాడు 12 నిమిషాల వీడియో ఒకటి తీయొచ్చు: 80 కిలోల పిక్కల బస్తా కొంటే పప్పు ఎంత దిగుతుంది, గుండ్రటి గుడ్లెన్ని, ముక్కలెన్ని, రేటు ఎక్కడ పోతుంది. 8 నిమిషాలు దాటింది కాబట్టి మధ్యలో ప్రకటన పెట్టుకోవచ్చు. వేసవిలో మళ్లీ పిక్కల సీజన్ వచ్చినప్పుడు రైతులు, వ్యాపారులు వెతుక్కుని వచ్చేది ఇలాంటి దానికే. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చే కాలమూ అంతే. ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి అని చెప్పే వీడియోకి ఏటా పని ఉంటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ లాంటి తుపాను వచ్చినప్పుడు కూలిన కొబ్బరి చెట్ల షార్ట్ రెండు రోజులు పరుగెడుతుంది. తర్వాత దాన్ని వెతికేవాళ్లు ఉండరు.

మానిటైజేషన్ అర్హత దగ్గర కూడా ఇదే తేడా. 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటలైనా ఉండాలి, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ అయినా ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. మనిషికి సగటున 4 నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 వ్యూస్‌తో 4,000 గంటలు నిండుతాయి. కోటి వ్యూస్‌తో పోలిస్తే, పలాసలో కూర్చుని ఏది సాధ్యమో మీరే చూసుకోండి.

ఇక ఫోన్ సంగతి. 2024 అక్టోబర్ 15 తర్వాత అప్‌లోడ్ చేసిన నిలువు, చతురస్రం వీడియో 3 నిమిషాల లోపు ఉంటే అది షార్టే. రెండున్నర నిమిషాల ఫోన్ డెమో నిలువుగా తీస్తే అది ఉమ్మడి మూటలోకి పోతుంది, అడ్డంగా తీస్తే మీ వీడియోగానే ఉంటుంది. అందుకే అడ్డంగా 4కెలో తీయమంటాను. 3840×2160 ఫ్రేములోంచి నిలువుగా కోస్తే 1215×2160 వస్తుంది, షార్ట్‌కి కావాల్సిన 1080×1920 కంటే ఎక్కువే. ఫుల్ హెచ్‌డీలో తీసి కోస్తే 607×1080 మాత్రమే మిగులుతుంది, స్క్రీన్ మీద మసకగా తెలిసిపోతుంది. షార్ట్ పెట్టేటప్పుడు Related video దగ్గర ఆ 12 నిమిషాల వీడియోని తగిలించాలి.

మనవాడి పాత ఫోన్‌లో 4కె ఉంది. ప్రస్తుతానికి కాలర్ మైకు ఒకటి కొనుక్కోమన్నాను, ఫ్యాక్టరీ మిషన్ల రొదలో మాట వినబడాలిగా. ఈఎంఐ సంగతి, స్టూడియోలో వీడియోలకీ షార్ట్స్‌కీ RPM విడివిడిగా మూడు నెలలు రాసుకున్నాక మాట్లాడుకుందామన్నాను.