చద్దరుకు ఇంగ్లీషు పేరు పెడితే ఏమైపోతది?

షోలాపూర్‌లో మన ఇండ్లల్లో కొందరు చద్దర్లు, టవళ్లు ఫోన్ ద్వారానే అమ్ముతున్నారు. ఫొటో తీయించే ఖర్చు ఎందుకని, నాలుగు మాటలు రాసిస్తే బొమ్మ తయారుచేసి ఇచ్చే ఏఐ సాధనాలు వాడుతున్నారు. ఆ రాసే మాటలనే ప్రాంప్ట్ అంటారు. దాన్ని తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అన్నది ఈ నెల సంగతి.

ఈ సాధనాలు ఎక్కువగా ఇంగ్లీషు మాటలు జతచేసిన బొమ్మలు చూసి నేర్చుకున్నవే. మనం తెలుగులో రాస్తే కొన్ని సాధనాలు ముందు దాన్ని లోలోపల ఇంగ్లీషులోకి మార్చుకుంటాయి. ఆ మార్పు మన కంటికి కనబడదు. పాత రకం సాధనాల్లో ఇంకో చిక్కుంది. కొన్ని 77 ముక్కల వరకే చదువుతాయి. ఇంగ్లీషు మాట ఒకటి రెండు ముక్కల్లో సరిపోతే, తెలుగు మాట చిన్నదైనా చాలా ముక్కలవుతుంది. అందుకని మన వాక్యం చివర రాసిన రంగు, అంచు అసలు చదవకుండానే పోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. "మంచం మీద పరిచిన దుప్పటి, ఎర్ర బాడీ, నల్ల అంచు, నెమలి పువ్వు" అని రాశామనుకోండి. సాంచ మీద పనిచేసినవాళ్లకు ఇందులో ఒక్క మాట కూడా అర్థంకాకుండా ఉండదు. కానీ దుప్పటి ‘బెడ్‌షీట్’ అయితే, పరుపు మీద పరిచే పల్చటి ప్రింటు గుడ్డ వస్తుంది. ‘బ్లాంకెట్’ అయితే బొచ్చు కంబళి వస్తుంది. మనది ఆ రెండూ కాదు. అది జకార్డు మీద నేసిన మందపాటి నూలు చద్దరు. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు. అంచు ‘బార్డర్’ అయితే గుడ్డకు బదులు బొమ్మ చుట్టూ నల్ల గీత ఫ్రేములాగ రావచ్చు. బాడీ అంటే గుడ్డ నడిమి భాగమని మనకు తెలుసు, దానికి మనిషి ఒళ్లు తట్టవచ్చు. నెమలి పువ్వు అంటే పక్కన ఒక పూలకుండీ కూడా రావచ్చు.

అంటే తప్పు తెలుగుది కాదు, ఉత్త ఇంగ్లీషు రాస్తే తీరిపోయేదీ కాదు. పేరు దాటి పోదు, వస్తువు వివరం మాత్రం దాటిపోతుంది. కాబట్టి పేరుకు పేరు వెతకకండి. ఆ పేరు ఎన్నడూ వినని మనిషికి చెప్పినట్టు, అది ఏ నూలు, ఎంత మందం, పువ్వు ఎట్లా పడింది, అంచు ఎక్కడుంది అని ముందు తెలుగులో రాసుకోండి. తర్వాత ఇంగ్లీషు చేయండి. పైన చెప్పిన చద్దరుకు ఇట్లా రాయవచ్చు:

```
Thick heavy cotton blanket, jacquard woven,
red cloth, cream peacock motif woven in,
black woven band along the edges of the cloth,
spread on a narrow wooden cot, daylight
```

ముఖ్యమైన మాట మొదట రావాలి. ‘ప్రింటు కాదు’ అని రాయకండి. చాలా సాధనాలు ‘కాదు’ను వదిలేసి ‘ప్రింటు’ను పట్టుకుంటాయి. ‘నేసిన’ అని నేరుగా చెప్పండి. 60 అంగుళాలు, 90 అంగుళాలు అని రాసినా లెక్క కుదరదు. ఒంటి మంచానికి సరిపోయేది అంటే కొంత నయం.

టవలుకూ ఇదే పద్ధతి. మన పల్చటి తుండును ‘టవల్’ అంటే, పోగులు ఉంగరాల్లాగ పైకి లేచిన టర్కీ టవలు వస్తుంది. అందుకని పల్చటి, నునుపు నేత నూలు గుడ్డ అని చెప్పాలి. కండువాను ‘స్కార్ఫ్’ అంటే చలికి మెడకు చుట్టుకునే ఉన్నిగుడ్డ వస్తుంది.

బొమ్మ వచ్చినాక నేతగాడి కంటితో చూడండి. మడత దగ్గర పువ్వు కూడా గుడ్డతోపాటు వంగిందా? మడత తిరిగినచోట వెనక వైపు రంగులు తారుమారు కావాలి, అయ్యాయా? అంచు ఒకే వెడల్పున పోయిందా, మధ్యలో కరిగిపోయిందా? ఇవి తప్పితే కొనేవాళ్లు వెంటనే గుర్తుపట్టకపోవచ్చు. పార్సిల్ విప్పినాక మాత్రం గుర్తుపడతారు. బొమ్మలో మెత్తటి బొచ్చు చూసి డబ్బు కట్టిన మనిషి, గట్టి నూలు చద్దరు చేతికొస్తే వాపసు పంపుతాడు. రానుపోను కొరియర్ ఖర్చు మన మీద పడితే ఒక చద్దరు లాభం అందులోనే పోతుంది.

ఎంత బాగా రాసినా ఆ సాధనం గీసేది ఏదో ఒక చద్దరు, మీ సాంచ మీద దిగింది కాదు. అందుకని అమ్మే సరుకును వాకిట్లో, ఎండ నేరుగా పడని వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ ఫొటో ఎక్కించి, వెనక గోడ, మంచం మాత్రం మార్చమని అడగండి. ఆ పనికి తెలుగులో రాసినా పెద్దగా నష్టం లేదు, గోడ ఏ భాషలోనైనా గోడే. మార్చి ఇచ్చిన బొమ్మను అసలు ఫొటో పక్కన పెట్టి పువ్వులు, రంగు ఒకసారి సరిచూసుకోండి. వెనక గోడ మార్చమంటే గుడ్డ మీద పువ్వును కూడా మార్చేసే సాధనాలున్నాయి.