తెల్లవారుజామున 5:30

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో మొదటి షిఫ్టు ఆరు గంటలకు. ఐదున్నరకే ఇస్నాపూర్ చౌరస్తాలోనూ, బీరంగూడ కమాన్ దగ్గరా కంపెనీ బస్సుల కోసం జనం నిలబడి ఉంటారు. సరిగ్గా ఆ వేళకే కంప్యూటర్ గదుల్లో ఎవరి కంటా పడని గడువు ఒకటి ముగుస్తుంటుంది. సర్వర్లకు ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్ల గడువును గ్రీన్విచ్ కాలమానంలో రాస్తారు. వాటిని ఇచ్చే చాలా సంస్థలు ఆఖరి రోజు రాత్రి 23:59:59 దాకా గడువిస్తాయి. మన గడియారంలో అది మర్నాటి తెల్లవారుజాము 5:29:59. అంటే సర్టిఫికెట్ చచ్చిపోయేది నైట్ షిఫ్ట్ ఇంజనీరు బ్యాగు సర్దుకునే అరగంటలో.

ఆ అరగంట ఎలా ఉంటుందో చెప్పడానికి ఇక్కడ ఒక కథ అల్లుతున్నాం. కంపెనీ, మనుషులు, తేదీలు కల్పితం. యంత్రాలు చేసే పని, చేసే మోసం మాత్రం నిజంగా జరిగేవే.

పాశమైలారంలో ఒక మందుల కంపెనీ. నవంబర్ 17, సోమవారం. ఐదున్నర దాటిన రెండు నిమిషాలకు క్వాలిటీ ల్యాబ్ నుంచి మొదటి ఫోను. లాగిన్ కావడం లేదు. ఒక్కరే కదా, పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటారనుకున్నాడు సపోర్ట్ ఇంజనీరు. ఆరు దాటేసరికి ఫోన్ల వరస మొదలైంది. ముడిసరుకు తూచి లేబుల్ కొట్టే డిస్పెన్సింగ్ గది నుంచి షిఫ్ట్ ఇన్‌చార్జి అన్నాడు: “తమ్మీ, కరెక్ట్ పాస్‌వర్డే కొడుతున్న. తప్పని చూపిస్తుంది.” స్టోర్స్‌లో అంతే, డిస్పాచ్‌లో అంతే. రియాక్టర్లు ఆగలేదు, వాటి నియంత్రణ వ్యవస్థ వేరు. కానీ తూకం నమోదు కాకపోతే కొత్త బ్యాచ్‌లోకి సరుకు పోదు. బ్యాచ్ రికార్డులో సంతకం పడకపోతే పాత బ్యాచ్ ముందుకు కదలదు.

చిక్కేమిటంటే, అందరికీ పోలేదు. రాత్రి నుంచి లాగిన్ అయి ఉన్నవాళ్లు హాయిగా పని చేసుకుంటున్నారు. దీనికి కారణం ఉంది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ముందు ఒకటి తన సర్టిఫికెట్ చూపిస్తుంది, రెండోది పేరూ తారీఖూ చూసి ఒప్పుకుంటుంది. ఆ చూపు సాధారణంగా కనెక్షన్ కట్టేటప్పుడే. కట్టాక గడువు దాటినా మాట సాగుతూనే ఉంటుంది. లారీ ఫిట్‌నెస్ గడువు రోడ్డు మీద ఉండగా ముగిసినా ఇంజను ఆగదు, మళ్లీ చెక్‌పోస్టు వచ్చినప్పుడే ఆపుతారు. అందుకే ఈ జబ్బు ఒక్కసారిగా కాక, ఎవరు కొత్తగా తలుపు తడితే వాళ్లకు తగులుతూ పోతుంది. షిఫ్టు మారేవేళ తలుపు తట్టనివాళ్లుండరు.

మన ఇంజనీరు మొదట చేసింది అందరూ చేసేదే. లాగిన్ సర్వర్‌కు పింగ్ కొట్టాడు, పలికింది. పోర్టు తెరిచే ఉంది. మానిటరింగ్ తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. లోపం అప్లికేషన్‌లో ఉందనుకుని అప్లికేషన్ సర్వర్‌ను రీస్టార్ట్ చేశాడు. దాంతో అప్పటిదాకా పని చేస్తున్నవాళ్ల కనెక్షన్లూ తెగిపోయి, వాళ్లూ బయట పడ్డారు. సగం జబ్బు నిండు జబ్బయింది. ఆ కుర్రవాడిని తప్పు పట్టలేం. తెర మీద ‘పాస్‌వర్డ్ తప్పు’ అని రాసిన సాఫ్ట్‌వేరే అతన్ని పక్కదారి పట్టించింది. లోపల జరిగింది వేరు: అప్లికేషన్, లాగిన్ సర్వర్‌ను నమ్మలేక వెనక్కి తిరిగింది. పాస్‌వర్డ్ అసలు పరీక్షకే రాలేదు. ఇలాంటి తేడాను చెప్పకుండా అన్నిటికీ ఒకే సందేశం చూపించే సాఫ్ట్‌వేర్లు మన ఫ్యాక్టరీల్లో తక్కువేమీ కాదు.

సర్టిఫికెట్ అనుమానం అతనికి రాకపోలేదు. సర్వర్‌లోకి వెళ్లి ఫైలు చూశాడు.

```
openssl x509 -in login.crt -noout -enddate
notAfter=Nov 26 23:59:59 2026 GMT
```

వచ్చే ఏడాది నవంబర్ దాకా గడువుంది. టికెట్ల పుస్తకం తిరగేస్తే, మూడు వారాల కిందటే ‘సర్టిఫికెట్ రెన్యువల్ పూర్తి’ అని రాసి మూసేసిన టికెట్ కూడా కనిపించింది. సరే, ఇది కాదు అని కొట్టేసుకుని నెట్‌వర్క్ మీద పడ్డాడు. ఇరవై నిమిషాలు అక్కడే పోయాయి.

దారి చూపించింది గేటు దగ్గరి వేబ్రిడ్జి. అక్కడి గార్డు ఫోను చేసింది లాగిన్ గురించి కాదు. “సార్, స్లిప్పు మీద తారీఖు నిన్నటిది పడుతుంది. డ్రైవర్లు లొల్లి చేస్తున్నరు. జర చూడుండ్రి.” పక్కన పెట్టేయదగ్గ ఫిర్యాదే. కానీ ఇంజనీరు ఆగి అడిగాడు: “అన్నా, మీ దగ్గర లాగిన్ అయితుందా?” “మాకేం ఫరక్ లేదు సార్, ఇప్పుడే అయిన.”

కాంటా దగ్గరి కంప్యూటర్ పాతది. లోపలి బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గార్డే చేత్తో తారీఖు పెడతాడు. ఆ రాత్రి 17కు బదులు 16 పెట్టాడు. అదే సాఫ్ట్‌వేర్ కుటుంబం, అదే లాగిన్ సర్వర్. కంపెనీ మొత్తంలో దానికి ఒక్కదానికే ఇంకా నిన్నటి రోజు నడుస్తోంది, దానికి ఒక్కదానికే తలుపు తెరుచుకుంటోంది. తారీఖు తప్పున్న యంత్రం పని చేసి, తారీఖు సరిగా ఉన్నవన్నీ ఆగిపోయాయంటే, గడువు తీరిన సర్టిఫికెట్‌ను మించిన అనుమానితుడు లేడు.

ఈసారి అతను ఫైలును అడగలేదు. ఫైలులో ఉన్నది వేరు, సర్వర్ బయటివాళ్లకు చూపిస్తున్నది వేరు కావచ్చు. బయట నిలబడి, వచ్చినవాడికి ఏం చూపిస్తున్నావని పోర్టునే అడిగాడు (సర్వర్ పేరు ఇక్కడ మార్చాం).

```
openssl s_client -connect login.example.com:636 </dev/null 2>/dev/null | openssl x509 -noout -enddate
notAfter=Nov 16 23:59:59 2025 GMT
```

పాత సర్టిఫికెట్. కొత్తది డిస్కు మీద పడి మూడు వారాలైంది, సర్వీసు దాన్ని చదువుకోనే లేదు. ఇలాంటి సర్వీసులు చాలావరకు సర్టిఫికెట్‌ను మొదలయ్యేటప్పుడు ఒక్కసారి జ్ఞాపకంలోకి తీసుకుంటాయి. ఆపై పక్కన ఫైలు మారినా వాటికి తెలియదు. అప్పుడు ఫైలు మార్చిన ఇంజనీరు రీస్టార్ట్ ఎందుకు చేయలేదన్నదీ టికెట్‌లోనే ఉంది: ‘డౌన్‌టైమ్ అనుమతి రావాలి’. లాగిన్ సర్వర్ ఆగితే తయారీ ఆగుతుంది, అందుకు క్వాలిటీ విభాగం సంతకం కావాలి. సంతకం తర్వాత చూద్దామన్నారు. టికెట్ మాత్రం మూసేశారు. ఇందులో మతిమరుపు లేదు, బద్ధకం లేదు. ఒక పనిని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కకు యజమాని లేకుండా వదిలేయడం ఉంది.

ఇక్కడ అడ్డదారులు రెండు ఎదురవుతాయి. సర్వర్ల గడియారాలన్నీ ఒక రోజు వెనక్కి తిప్పడం ఒకటి. మందుల కంపెనీలో అది చేయకూడని పని. బ్యాచ్ రికార్డులోని ప్రతి తూకానికీ ప్రతి సంతకానికీ సమయమే సాక్ష్యం, తనిఖీకి వచ్చినవాళ్లు మొదట చూసేది దాన్నే. సర్టిఫికెట్ పరీక్షనే ఆపేయడం రెండోది. తాత్కాలికమని ఆపినదాన్ని మళ్లీ తెరిచే తీరిక ఎవరికీ దొరకదు, ఆ తర్వాత నకిలీ సర్వర్ వచ్చి కూర్చున్నా అడిగే దిక్కుండదు. మన ఇంజనీరు రెండూ చేయలేదు. క్వాలిటీ అధికారిని నిద్ర లేపి, ఫోనులో అత్యవసర మార్పు కింద ఒప్పించి, సర్వీసును రీస్టార్ట్ చేశాడు. మళ్లీ పోర్టునే అడిగి 2026 అని చూశాకే ‘లాగిన్ అవ్వండి’ అన్నాడు. ఏడున్నరలోపు డిస్పెన్సింగ్ గది కదిలింది.

ఒకవేళ మొదట్లోనే అప్లికేషన్ సర్వర్‌కు బదులు లాగిన్ సర్వర్‌ను రీస్టార్ట్ చేసి ఉంటే, అంతా రెండు నిమిషాల్లో తేలిపోయేది. కారణం మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ‘రీస్టార్ట్ చేస్తే సరైంది’ అని రాసుకునేవారు, వచ్చే నవంబర్‌లో మళ్లీ ఇదే తెల్లవారుజాము వచ్చేది.

ఇది చిన్న కంపెనీలకే జరిగేది కాదు. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ పరికరాల సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి, బ్రిటన్‌లో ఓ2 వాడే కోట్ల మందికి మొబైల్ డేటా పోయింది. జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ ఫోన్లు మూగబోయాయి. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగింది, కారణం అదే. గోల చేయని గడువులు ఇంకా ప్రమాదం. అమెరికాలో ఈక్విఫ్యాక్స్ సంస్థ నెట్‌వర్క్ మీద నిఘా ఉంచే పరికరం సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలల తరబడి అలాగే ఉంది. పరికరం ఆగలేదు, చూడడం మానేసింది. 2017 జులై చివర్లో సర్టిఫికెట్ మార్చాకే దొంగలు లోపల ఉన్నారని కనిపించింది.

పటాన్‌చెరు కంపెనీలు దీన్ని ఇప్పుడు పట్టించుకోవలసిన కారణం వేరే ఉంది. 2020 సెప్టెంబర్ నుంచి బ్రౌజర్లు నమ్మే పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 398 రోజులుగా ఉండేది. ఏడాదికోసారి తలచుకుంటే సరిపోయేది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి ఉన్న సీఏ/బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో దాన్ని తగ్గించాలని తీర్మానించింది. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. కంపెనీ తన లోపలి పనులకు తానే ఇచ్చుకునే సర్టిఫికెట్లకు ఈ నియమం వర్తించదు. పబ్లిక్ సర్టిఫికెట్ వాడే ప్రతి సర్వర్‌కూ వర్తిస్తుంది. అంటే పబ్లిక్ సర్టిఫికెట్ వాడే మన కథలోని లాగిన్ సర్వర్‌కు 2029 నుంచి ఏడాదికి ఎనిమిది సార్లు కొత్త సర్టిఫికెట్ కావాలి, ఎనిమిది సార్లు సర్వీసు దాన్ని చదువుకోవాలి.

కొత్త సర్టిఫికెట్ తెచ్చి డిస్కు మీద పెట్టే పనిని యంత్రానికి అప్పగించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కష్టం ఆ రెండో ముక్కే. అందుకే ప్లాంట్ అధిపతులను, క్వాలిటీ అధికారులను అడుగుతున్నది ఇది: సర్టిఫికెట్ మార్పును ముందే ఆమోదించిన మామూలు మార్పుగా ఒక్కసారి రాసిపెట్టండి, ఎనిమిది సార్లు విడివిడి సంతకాల కోసం పంపకండి. లాగిన్ సర్వర్లు రెండు పెట్టి, ఒకటి మారుతుంటే రెండోది పని చేసేలా చూడండి. పోర్టు తెరిచి ఉందా అని మాత్రమే చూసే మానిటరింగ్‌కు, ఆ పోర్టు చూపించే తారీఖు కూడా చదవడం నేర్పండి, నెల ముందే కేక వేయమనండి. పోర్టు నుంచి వచ్చిన కొత్త తారీఖును అతికించనిదే రెన్యువల్ టికెట్‌ను మూయనివ్వకండి.