పాతికవేల గంటల బల్బు

2014-15లో మన శ్రీకాకుళం జిల్లాలో పాత 60 వాట్ల బల్బు తీసుకుని, పది రూపాయలకే 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు, గుర్తుందా? అప్పటినుంచి ఇంటింటా అవే.

ఇప్పుడు షాపులో బల్బు పెట్టె చూడండి. 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకు ఐదు గంటల చొప్పున పదమూడేళ్ల పైమాటే. వారంటీ మాత్రం రెండేళ్లు, అంటే 3,650 గంటలు. మిగతా వాటికి పూచీ ఎవరిది?

ఆ పాతికవేలు చాలాసార్లు లోపలి చిప్ ఆయుష్షు. ముందు పోయేది డ్రైవర్‌లోని కెపాసిటర్. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. చిప్‌లు తగ్గించి, ఒక్కోదానికి కరెంటు పెంచితే బల్బు చవకవుతుంది, వేడీ పెరుగుతుంది. మూత అతికించేస్తారు కాబట్టి రిపేరూ కష్టమే.

కుట్రేనేటి ఇది? 1924లో ఫీబస్ కార్టెల్ కంపెనీలు బల్బు వెయ్యి గంటలే వెలగాలని ఒప్పందం చేసుకుని, మించితే జరిమానా పెట్టుకున్నాయి. అది కుట్రే. ఇప్పటిది చాలామటుకు ధర కోసం పెట్టిన కోత. చవక కావాలని మనమూ అడిగాం. కోత తప్పు కాదు గానీ, చిప్ వయసు చూపించి బల్బు అమ్మడం తప్పే.

కొనేటప్పుడు గంటలు కాదు, వారంటీ చూడండి. బిల్లు దాచండి.