పెద్ద హోటల్ పేరును పోలితే నమ్మకం వస్తుందా?

హోమ్‌స్టే పెట్టబోయేవారికి చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: పేరు వినగానే పెద్ద హోటల్ గుర్తుకు రావాలి, అప్పుడే అతిథి నమ్మి వస్తాడు. ఒక అక్షరం మార్చి, పక్కన ఊరిపేరు తగిలిస్తే చట్టంతో ఇబ్బంది ఉండదని కూడా అంటారు. ఈ రెండు మాటలూ తప్పే.

రాజోలు వైపు, వశిష్ఠ గోదావరి దగ్గర ఒక పాత మండువా ఇంట్లో నాలుగు గదులు అద్దెకిస్తున్నారనుకుందాం. ‘హరిత గోదావరి’ అంటే బాగుంటుందని ఇంటివారికి తోస్తుంది. కానీ పర్యాటక శాఖ హోటళ్లతో హరిత పేరు జనం నోళ్లలో ఎప్పుడో స్థిరపడిపోయింది. చెరువు ఉంది కదా అని ‘సరోవర్ స్టే’ అందామంటే, సరోవర్ ఒక హోటళ్ల గొలుసు. పోనీ, ఆప్యాయంగా ‘అమ్మ స్టేస్’ అంటే? తాజ్ హోటళ్ల సంస్థ తన హోమ్‌స్టేలను నడిపేదే ‘అమా స్టేస్ అండ్ ట్రెయిల్స్’ అనే పేరుతో. మనకు ఇంటి మాటలా తోచినదీ కొన్నిసార్లు వేరొకరి బ్రాండే.

1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం పేర్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయా అని మాత్రమే చూడదు. అదే రకం సేవకు, పోలిన పేరుతో, జనం పొరబడే వీలుందా అని చూస్తుంది. చెవికి వినిపించే పోలిక కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఒక అక్షరం మార్పు కవచం కాదు.

చట్టం సంగతి పక్కనపెట్టినా నష్టమే. హోటల్ పేరు చూసి వచ్చినవాడు లిఫ్టు, అర్ధరాత్రి రూమ్ సర్వీసు వెతుక్కుంటాడు. వేళకు వడ్డించే ఇంటిభోజనం అతనికి లోటుగా కనిపిస్తుంది. ఇంట్లో ఏ తప్పూ లేకపోయినా రేటింగు పడిపోతుంది.

అలాగని ‘కోనసీమ హోమ్‌స్టే’ అన్నా చాలదు. ఒట్టి ఊరిపేరును రిజిస్టర్ చేయించుకోవడం కష్టం; పక్కింటివాడూ అదే పెట్టుకోవచ్చు. ఊరివాళ్లు ఆ ఇంటిని ఏమని గుర్తుపడతారో అడగండి. వీధివైపు విశాలమైన అరుగుంటే ‘పెద్దరుగు’ అనవచ్చు. ఆ పేరు చెప్పేది ఆ ఇంటి సంగతే.

తర్వాత ఐపీ ఇండియా సైట్లో ట్రేడ్ మార్కుల వెతుకులాటలో 43వ తరగతి ఎంచుకుని, ఆ మాట ఉన్న పేర్లనూ, అలా వినిపించే పేర్లనూ రెండు విధాలుగా వెతకండి. రిజిస్టర్ కాని పేర్లు అందులో కనబడవు. ఆ పేర్లను వాడుతున్నవాళ్లూ దావా వేయగలరు. అందుకే మ్యాపుల్లో, బుకింగ్ యాప్‌లలో కూడా చూడండి. ఇంగ్లిషు అక్షరాల్లో ఒకే స్పెల్లింగుకు కట్టుబడండి. ఇవన్నీ బోర్డు రాయించకముందే చేయాలి.