జంధ్యం వేసినా వడ్రంగే – సంస్కృతీకరణ అనే మాట మీద నా పేచీ

మొన్న ఒక మిత్రుడు, చదువుకున్నవాడు, నాతో వాదానికి దిగి ఒక మాట అన్నాడు. "కులం బందిఖానా కాదు మాస్టారూ, నిచ్చెన. ఎక్కదలచినవాడు ఎక్కుతూనే వచ్చాడు. ఆ ఎక్కడానికే శ్రీనివాస్ గారు సంస్కృతీకరణ అని పేరు పెట్టారు" అని. ఆయన వెళ్ళిపోయాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ నిచ్చెన మా ఇంట్లోనే ఉంది. మా తాతగారు ఎక్కారు, మా నాన్నగారు ఎక్కారు, నేనూ కొన్ని మెట్లు ఎక్కాను. పైకప్పు మాత్రం ఎక్కడున్నదో అక్కడే ఉంది.

మొదట ఆ మాట పుట్టుక. మైసూరు వాడైన ఎం.ఎన్. శ్రీనివాస్ కొడగుల మీద పరిశోధించి 1952లో ఒక గ్రంథం వెలువరించారు. కింది కులమొకటి మద్యమాంసాలు మాని, పై కులం ఆచారాలూ, పూజలూ, పేర్లూ చేపట్టి, ఒకటి రెండు తరాలలో తన అంతస్తు పెంచుకొనే యత్నాన్ని ఆయన గుర్తించారు. దీనిని బ్రాహ్మణీకరణ అనవచ్చును గాని, అనుకరించేది అన్నిచోట్లా బ్రాహ్మణులనే కాదనీ, కొన్నిచోట్ల క్షత్రియులనూ మరికొన్నిచోట్ల వైశ్యులనూ అనుకరిస్తారనీ గ్రహించి, సంస్కృతీకరణ అనే విశాలమైన మాటను ఎంచుకున్నారు. 1956లో దీని మీదనే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. సంస్కృత భాషాచరిత్ర తెలిసిన స్టాల్ అనే పండితుడు 1963లో ఈ పేరునే తప్పుపట్టాడు. పండిత శిక్షణ పొందిన నాకు ఆ అభ్యంతరం సబబుగానే తోస్తుంది. నిత్యం దేశి నుంచి పుచ్చుకుంటూ పెరిగిన సంస్కృత వాఙ్మయాన్ని పైనుంచి కిందికి మాత్రమే జారే సరుకుగా ఎలా లెక్కించడం? అది పక్కన పెడదాం. నా పేచీ పేరుతో కాదు, నిచ్చెనతో.

మా మిత్రుడు చదివి ఉండడు గాని, ఆ 1956 వ్యాసంలోనే శ్రీనివాస్ గారు ఒక మినహాయింపు చెప్పారు. సంస్కృతీకరణ జరిగినంత మాత్రాన అంతస్తు పెరగదని చెబుతూ, దానికి ఉదాహరణగా దక్షిణాది కమ్మరి కంసాలి కులాన్ని, అంటే మమ్మల్ని, చూపారు. విశ్వకర్మ బ్రాహ్మణులమని చెప్పుకొని బ్రాహ్మణాచారాలు చేపట్టినా, మైసూరు ప్రాంతంలో హరిజనులు సైతం వీరి చేతి అన్నం నీళ్ళు పుచ్చుకోరని ఆయన రాశారు. సిద్ధాంతం పుట్టిన నాలుగేళ్ళకే సిద్ధాంతకర్త స్వహస్తంతో రాసిన మాట ఇది. దీనిని అందరూ ఒక చిన్న అపవాదంగా తీసుకొని ముందుకు సాగిపోయారు. వ్యాకరణంలో అపవాద సూత్రం ఉత్సర్గాన్ని బాధిస్తుందని మేము పిల్లలకు చెప్పేవాళ్ళం. ఇక్కడ అపవాదాన్ని చూసీ చూడనట్లు దాటిపోయారు.

మావాళ్ళు ఏం తక్కువ చేశారో చెప్పండి. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే అయిదు వృత్తులను మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞ అనే పంచబ్రహ్మలకు ముడివేశారు. సానగ, సనాతన మొదలైన అయిదు గోత్రాలు చెప్పుకున్నారు. ఉపనయనాలు చేశారు, జంధ్యాలు వేశారు, పేరు చివర ఆచారి చేర్చారు. పెళ్ళికి బ్రాహ్మణ పురోహితుడు అక్కరలేదు, మా మంత్రాలు మేమే చదువుకుంటామన్నారు. ఈ చివరి మాట మీద తగవు ముదిరి చిత్తూరు జిల్లా అదాలతుకు ఎక్కింది. 1818 నాటి ఆ తీర్పు తమకు అనుకూలంగా వచ్చిందని మావాళ్ళు ఈనాటికీ అచ్చువేయించి పంచుకుంటారు. మా ఇంట్లో ఆ పొత్తం దేవుడి గూట్లో ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని స్తోత్రం పుస్తకమనే అనుకున్నాను.

మరి ఫలితం? మా నాన్నగారు ఊరి గుడికి వాహనాలు చెక్కేవారు. గరుడవాహనం పూర్తయిన నాడు కన్నులు తెరిపించే పని ఆయనదే. ఆ క్షణం దాకా చెట్టు మాను, ఆ పైన దైవం. కన్నులు తెరిచిన మరుక్షణం ఆయన బయటికి రావాలి, ఆ తరువాత శుద్ధి జరగాలి. ఆగమాల ప్రతిష్ఠావిధులలో శిల్పిదోష నివారణమని ఒక భాగమే ఉన్నది. జంధ్యం వేసుకొని, త్రికాల సంధ్య వార్చి, ఉల్లి కూడా ముట్టని మా నాన్నగారి చేతి దోషాన్ని నీళ్ళు చల్లి కడిగేవారు. నేను గుడి మెట్ల మీద కూర్చుని చూశాను. ఆయన ముఖంలో కోపం కనబడలేదు. ఇంటికి వచ్చి ఉలి నూరుకున్నారు.

నా వంతు 1986లో వచ్చింది. పండితుడిగా కొత్త ఊరికి బదిలీ అయి అద్దె ఇల్లు వెతుకుతున్నాను. ఇంటాయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. "ఆచారిగారూ, తమరు శ్రీవైష్ణవులాండీ?" అని అడిగారు. "కాదండీ, విశ్వబ్రాహ్మణులం" అన్నాను. "అంటే... కంసాలులా?" అని, కాసేపు ఆగి, "అయ్యో, ఈ ఇల్లు మా బావమరిదికి మాట ఇచ్చేశానండీ, మరిచేపోయాను" అన్నారు. మజ్జిగ మాత్రం పూర్తిగా తాగే వచ్చాను. మూడు నెలలు ఆ ఇంటికి తాళం వేసే ఉంది. బడికి వెళ్ళే దారిలోనే గనుక రోజూ కనబడేది.

మాకు ఎందుకు అందలేదు? శ్రీనివాస్ గారే ప్రబల కులం అనే మరో భావన తెచ్చారు. ఊళ్ళో సంఖ్యాబలం, భూమి, అధికారం ఉన్న కులం మాట చెల్లుతుందని దాని సారం. మావాళ్ళు ఊరికి ఒకటి రెండు ఇళ్ళు. భూమి లేదు. నాగలి కర్రు వేసి, బండి చక్రం బిగించి, కళ్ళంలో కొలిచిచ్చే మేర గింజల కోసం నిలబడేవాళ్ళం. గింజలు కొలిచే చేతిని కాదని గాయత్రి చదివితే ఎవరు వింటారు? పక్కనే కృష్ణా, గోదావరి డెల్టాలలో ఏం జరిగిందో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువ నీరు పారిన చోట వ్యవసాయ కులాల చేతికి డబ్బు వచ్చింది, చదువు వచ్చింది, తరువాత పదవులు వచ్చాయి. ఆ కులాలలో నుంచే త్రిపురనేని రామస్వామి చౌదరి గారు బయలుదేరి, పురాణాలనే నిలదీసి, పురోహితుణ్ణి తోసిరాజని తెలుగులో వివాహవిధి రాసి పెళ్ళిళ్ళు చేయించారు. మంత్రాలు చదివిన మేము ఉన్నచోటే ఉన్నాం. మంత్రాలను కాదన్నవారు పైకి వెళ్ళారు. వారిలోనూ క్షత్రియులమని చెప్పుకున్నవారు లేకపోలేదు గాని, ఆ చెప్పుకోవడం భూమి వెంట వచ్చింది, భూమికి ముందు నడవలేదు.

దీనికి సంస్కృతీకరణ వాదుల వద్ద సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆచారం ఒక్కటే చాలదని, లౌకిక బలం కూడా కావాలని శ్రీనివాస్ గారే అన్నారు గదా అంటారు. నిజమే, అన్నారు. ఒక కులం జరిగి మరో చోట కూర్చుంటుందే తప్ప వరుసలు మారవని కూడా ఆయన ఒప్పుకున్నారు. అలాగైతే బలం వచ్చినవాడు ఎలాగూ లేస్తాడు. బలం లేనివాడు ఎంత అనుకరించినా లేవడు. ఇక అనుకరణ లేపిందేమిటి? లేచినవాడి మీద తరువాత వేసే ముద్రను లేపిన చేయి అనుకోవడమే ఇక్కడి పొరపాటు. ఉన్న సంగతికి పేరు పెట్టినందుకు శ్రీనివాస్ గారికి నేను నమస్కరిస్తాను. ఆ పేరును కారణంగా చలామణి చేసేవారితోనే నా తగవు.

ఇంకొక సంగతి, నాకు దీనికంటె బాధ కలిగించేది. ఈ ఎక్కుడుకు మూల్యం చెల్లించింది ఆడవాళ్ళు. కింది కులాలనేకంలో పెళ్ళికి ఓలి ఇచ్చేవారు, అంటే మగపెళ్ళివారే ఎదురిచ్చి పిల్లను తెచ్చుకొనేవారు. మొగుడు పోయినదానికి, విడిచినదానికి మారుమనువు ఉండేది. పరువు పెరగాలనుకున్న నాడు మొదట మానేసినవి ఈ రెండే. నేను చదువు చెప్పిన ఒక పిల్లవాడి ఇంట్లో తల్లికి ఓలి ఇచ్చి చేసుకున్నారు, అక్కకు కట్నం ఇచ్చి పంపారు. మధ్యలో వచ్చిందల్లా ఒక బియ్యపు మిల్లు. అసలు తమాషా ఏమిటంటే, గురజాడ వారి కన్యాశుల్కం రంగస్థలమెక్కిన 1892 నాటికి ఉత్తరాంధ్ర అగ్రహారాలలో బ్రాహ్మణులే ఆడపిల్లలకు వెల కట్టి అమ్ముతున్నారు. ఆ పద్ధతిని స్మృతులు ఆసురమన్నాయి. మరి ఏ బ్రాహ్మణ్ణి చూసి ఏ ఆచారం నేర్చుకున్నట్లు? ఆదర్శం ఒక్కటే అనుకోవడం కూడా ఆ సిద్ధాంతంలోని తేలికదనమే.

అనుకరణను శ్రీనివాస్ గారికంటె ముప్పయ్యారేళ్ళ ముందే పట్టుకున్నవాడు మరొకాయన ఉన్నాడు. 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ చదివిన పత్రం భారతదేశంలో కులాల గురించి. పై వర్గం తనవారిలోనే పెళ్ళిళ్ళు చేసుకుంటూ తలుపు మూసుకుంటే, దానిని చూసి కిందివారు కూడా తమ తలుపులు మూసుకున్నారనీ, కులం అలా అనుకరణ ద్వారా వ్యాపించిందనీ ఆయన వాదించాడు. చూడండి, చూసిన విషయం ఒకటే. ఒకరికి అది మెట్లెక్కడంగా కనబడింది, మరొకరికి ఊరంతా తలుపులు మూసుకోవడంగా కనబడింది. మా ఇంటి సంగతి చెబితే, మా నాయనమ్మ మాల మాదిగల నీడ పడకుండా నడిచేది. అది మాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, దేనికోసం నేర్చుకున్నామో నాకు తెలుసు. మేము ఎక్కామనుకున్న ప్రతి మెట్టూ ఎవరో ఒకరి భుజమే. కంచ ఐలయ్య గారు 1996లో తమ పుస్తకంలో దేశం దళితీకరణ చెందాలని రాసినప్పుడు నాకు కోపం వచ్చిందని దాచను. రెండోసారి చదివినప్పుడు నాయనమ్మ నడక గుర్తుకు వచ్చింది.

మిత్రునికి చివరిగా మా ఇంటి కాగితాలు రెండు చూపిద్దామనుకుంటున్నాను. ఒకటి మా అబ్బాయి పెళ్ళి శుభలేఖ, అందులో శ్రీ విశ్వబ్రాహ్మణ వంశజులమని బంగారు అక్షరాలలో వేయించాం. రెండోది వాడికి ఇంజనీరింగు సీటు తెచ్చిన ధ్రువపత్రం. 1970 నుంచీ వెనుకబడిన తరగతుల జాబితాలో మేము బి విభాగంలో ఉన్నాం. శుభలేఖను ఎవరూ రెండోసారి చూడలేదు. ధ్రువపత్రం నకళ్ళు మాత్రం ఆరు తీయించి, గెజిటెడ్ అధికారి సంతకం కోసం ఒక పూటంతా మెట్ల మీద కూర్చున్నాను.